రెండు వారాల ఆలస్యం: క్లయింటుకు ఈమెయిల్ ఎలా రాయాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు. సివిల్‌లో బీటెక్ పూర్తయింది. ఒక నిర్మాణ సంస్థలో ప్రాజెక్టు ట్రైనీ ఉద్యోగానికి రాత పరీక్షకు వెళ్తున్నాను. ‘పని రెండు వారాలు వెనకబడింది, ప్రాజెక్టు మేనేజరుగా క్లయింటుకు ఈమెయిల్ రాయండి’ అని పోయినసారి అడిగారట సర్. క్షమించమని అడగడం తప్ప ఇంకేం రాయాలో తోచడం లేదు.

జవాబు: క్షమాపణకు ఒక్క వాక్యం చాలు. క్లయింటు ముందుగా వెతికేది కొత్త తేదీని. అది మొదటి మూడు వాక్యాల్లో కనిపించకపోతే మిగతాదంతా చిరాకుగానే చదువుతాడు. మీకు తెలిసిన ప్రాంతం కాబట్టి భీమవరం దగ్గర ఒక రొయ్యల ఎగుమతిదారు కట్టిస్తున్న కోల్డ్ స్టోరేజీని ఉదాహరణగా తీసుకుందాం. అప్పగించాల్సిన తేదీ అక్టోబరు 31. చెరువు వైపు పునాదుల్లో నీరు ఊరడం వల్ల ఆగస్టు 3కి కావలసిన కాంక్రీటు 17కి అయింది. ఈమెయిల్ ఇలా మొదలవ్వాలి:

“చెరువు వైపు పునాదుల పని 14 రోజులు ఆలస్యమైంది. ఇందులో 9 రోజులను తిరిగి రాబట్టగలం. అందువల్ల అప్పగింత అక్టోబరు 31కి బదులు నవంబరు 5న జరుగుతుంది. మీకు కలిగే ఇబ్బందికి చింతిస్తున్నాం.”

తరువాత కారణం. ఇక్కడ చాలామంది ‘భారీ వర్షాల వల్ల’ అని రాసి ఊరుకుంటారు. భీమవరంలో ఉన్న క్లయింటు ఆ వానను తానూ చూశాడు, శ్రావణంలో వాన పడుతుందని మీకు తెలియదా అని అడుగుతాడు. అసలు కారణం వేరు. మే నెలలో మట్టి పరీక్ష చేసినప్పుడు డెల్టా కాలువలు కట్టేసి ఉన్నాయి, నీటి మట్టం లోతుగా కనిపించింది. సార్వా కోసం కాలువలకు నీళ్లు వదిలాక, పక్క చెరువు కూడా నిండాక, నీరు పైకి వచ్చి గుంతల్లో ఊరింది, ఉన్న పంపులు దాన్ని తోడలేకపోయాయి. ఇప్పుడు పెద్ద పంపులు పెట్టామని, చెరువు వైపు కాంక్రీటు 17న ముగిసిందని కూడా రాస్తే, ఇదే కారణంతో మళ్లీ ఆగదని అతనికి అర్థమవుతుంది. ఈ భాగం నాలుగు వాక్యాలు దాటకూడదు.

పరీక్ష దిద్దేవారు ఎక్కువ సేపు చూసేది రికవరీ ప్రణాళికను. ‘అదనపు మనుషులను పెట్టి వేగం పెంచుతాం’ అనే మాటకు విలువ లేదు, ఎందుకంటే కొన్ని పనులు ఎంతమందిని పెట్టినా తగ్గవు. కాంక్రీటు క్యూరింగ్ అలాంటిదే: ఐఎస్ 456 ప్రకారం సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లై యాష్ కలిసిన పీపీసీ వంటి సిమెంటుకు 10 రోజులు తడిపి ఉంచాలి. దాన్ని కుదిస్తామని రాసిన అభ్యర్థికి అక్కడే మార్కులు పోతాయి. కాబట్టి కుదరనిది కుదరదని చెప్పి, ఏ పనిని ఏ పనితో కలిపి నడిపిస్తారో చూపించండి. మొదటి ప్రణాళికలో పునాదులన్నీ పూర్తయ్యాకే స్టీలు ఫ్రేము నిలబెట్టాలి. రోడ్డు వైపు పునాదులు ఎప్పుడో గట్టిపడ్డాయి కనుక, చెరువు వైపు క్యూరింగ్ సాగుతుండగానే రోడ్డు వైపు నుంచి ఫ్రేము మొదలుపెడితే 6 రోజులు కలిసొస్తాయి. గోడల ప్యానెళ్లు బిగించడానికి రెండో బృందాన్ని దించితే మరో 3 రోజులు. మిగిలిన 5 రోజులు తిరిగి రావు, ఆ మాట కూడా రాయాలి. పద్నాలుగు రోజులూ రాబడతామని రాస్తే వినడానికి బాగానే ఉంటుంది, కానీ అక్టోబరు చివర్లో ఇంకో ఈమెయిల్ రాయాల్సి వస్తుంది. మొదటిదాన్ని క్షమించిన క్లయింటు రెండోదాన్ని క్షమించడు.

ప్రణాళిక నడుస్తోందో లేదో క్లయింటు తానే చూసుకోగలిగేలా మధ్యలో ఒక తేదీ ఇవ్వండి: “ఫ్రేము సెప్టెంబరు 20కి పూర్తి కావాలి. కాకపోతే నవంబరు 5 నిలవదు, ఆ సంగతి అదే రోజు తెలియజేస్తాం.” అతని నుంచి ఏమైనా కావాలంటే దానికీ తేదీ పెట్టాలి. ఉదాహరణకు, కోల్డ్ రూము తలుపుల డ్రాయింగుకు ఆగస్టు 25లోగా ఆమోదం రాకపోతే ప్యానెళ్లలో కలిసొచ్చిన 3 రోజులు పోతాయని మర్యాదగా, అయినా స్పష్టంగా చెప్పాలి. ఇలాంటి వాక్యం రాయడానికి మన వైపు పిల్లలు మొహమాటపడతారు.

ఇక డబ్బు. రెండో బృందం ఖర్చు ఎవరిదన్న ప్రశ్న క్లయింటు మనసులో తప్పక వస్తుంది, కాబట్టి “ఈ అదనపు ఖర్చు మాదే” అని ఒక వాక్యం ఉండాలి. ఒకవేళ కాంట్రాక్టు ప్రకారం గడువు పొడిగింపు అడిగే హక్కు మీ సంస్థకు ఉంటే, దాన్ని ఈ ఈమెయిల్లో కలపకుండా, కాంట్రాక్టులో చెప్పిన గడువులోగా విడిగా నోటీసు పంపాలి.