రన్ చేసిన ప్రతిసారీ గ్రూపులు మారుతున్నాయా?

ప్రశ్న: మా షాపు కస్టమర్లను పైథాన్‌లో కె-మీన్స్‌తో గ్రూపులు చేస్తున్నాను. రన్ చేసిన ప్రతిసారీ గ్రూపులు మారిపోతున్నాయి. ఏ రిజల్ట్ నమ్మాలి? అసలు కె, అంటే గ్రూపుల సంఖ్య, ఎంత పెట్టాలి?
*– ఒక పాఠకురాలు, తణుకు*

జవాబు: కె-మీన్స్ చేసేది రెండే పనులు. ప్రతి కస్టమర్‌నూ దగ్గర్లో ఉన్న గ్రూపు కేంద్రానికి, అంటే సెంట్రాయిడ్‌కు అప్పగిస్తుంది. తర్వాత సెంట్రాయిడ్‌ను ఆ గ్రూపు సగటు దగ్గరికి జరుపుతుంది. ఇక ఎవరూ గ్రూపు మారని దశ వచ్చేదాకా ఇదే తిప్పుతుంది. మొదటి సెంట్రాయిడ్లు ఎక్కడ పడతాయన్నది మాత్రం లాటరీ. మీ చిక్కంతా అక్కడే.

నలుగురు కస్టమర్లను తీసుకోండి. ఇద్దరి బిల్లు 200, ఇద్దరిది 800. ప్రతి జంటలో ఒకరు నెలకు 2 సార్లు, ఇంకొకరు 4 సార్లు వస్తారు. ముందు విజిట్లు, తర్వాత బిల్లు వందల్లో రాస్తే (2,2), (4,2), (2,8), (4,8). చిన్న బిల్లు వాళ్లు ఒకవైపు, పెద్ద బిల్లు వాళ్లు ఒకవైపు అని కంటికే తెలుస్తోంది. కానీ మొదటి సెంట్రాయిడ్లు (2,2), (4,2) మీద పడ్డాయనుకోండి. 2 సార్లు వచ్చేవాళ్లు ఒక గ్రూపు, 4 సార్లు వచ్చేవాళ్లు ఇంకో గ్రూపు అవుతారు. సెంట్రాయిడ్లు (2,5), (4,5)కు జరుగుతాయి, ఇక కదలవు. దూరాల వర్గాల మొత్తం, అంటే `inertia_`, 36 దగ్గర ఆగిపోతుంది. సరైన విభజనలో అది 4 మాత్రమే! ఎర్రర్ కూడా రాదు, అదే అసలు ప్రమాదం.

మొదటి సెంట్రాయిడ్లను ఎంచే `k-means++` పద్ధతి రెండో సెంట్రాయిడ్‌ను లాటరీలోనే తీస్తుంది, కానీ దూరం వర్గం ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ అవకాశం ఇస్తుంది. మొదటిది (2,2) అయితే మిగతా ముగ్గురికీ 4, 36, 40 వస్తాయి. చెడ్డ ఎంపికకు అవకాశం 80లో 4, అంటే 5 శాతం. తగ్గింది, పోలేదు. పైథాన్ లైబ్రరీ సైకిట్-లెర్న్ 1.4 నుంచి ఈ పద్ధతిలో డీఫాల్ట్‌గా ఒక్కసారే మొదలుపెడుతుంది. కాబట్టి మీరే ఇలా రాయండి:

```python
KMeans(n_clusters=4, n_init=20).fit(X)
```

ఇరవైసార్లు మొదలుపెట్టి, తక్కువ `inertia_` వచ్చిన దాన్నే ఇస్తుంది. చాలామంది `random_state=42` పెట్టేసి ఊరుకుంటారు. దాంతో జవాబు మారదు నిజమే, కానీ తప్పు జవాబైనా మారదు కదా! ఇంకోమాట, బిల్లును రూపాయల్లోనే ఉంచితే 600 తేడా ముందు 2 విజిట్ల తేడా కనబడదు. ముందు రెండింటినీ ఒకే స్థాయికి తెచ్చే `StandardScaler` వాడండి.

ఇక కె సంగతి. కె పెంచేకొద్దీ `inertia_` తగ్గుతూనే ఉంటుంది, ఒక్కొక్కరికీ ఒక గ్రూపు ఇస్తే సున్నా. అందుకే గ్రాఫ్‌లో మోచేయిలా వంపు వచ్చిన చోటు చూడమంటారు. నిజం డేటాలో ఆ వంపు తరచూ దొరకదు. నేనైతే `silhouette_score` చూస్తాను. సొంత గ్రూపువాళ్లకు దగ్గరగా, పక్క గ్రూపుకు దూరంగా ఉంటే అది 1 వైపు వెళ్తుంది. పై ఉదాహరణలో సరైన విభజనకు దాదాపు 0.68 వస్తుంది. రెండు కె విలువలకు స్కోరు దగ్గర దగ్గరగా ఉంటే, ఒక్కోదాన్ని ఐదారు వేరువేరు సీడ్లతో, అంటే వేరువేరు `random_state` విలువలతో నడపండి. నాలుగుతో ప్రతిసారీ అవే గ్రూపులు వచ్చి, ఐదుతో చెదిరిపోతుంటే, నాలుగు దగ్గరే ఆగండి.