పైన అమెరికా కంపెనీ, కింద గుంటూరు కంపెనీ

"సార్, మాది గుంటూరు. మా వాడు బీటెక్ అయ్యాక ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి మిర్చి వ్యాపారులకి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ పెట్టాడు, మూడేళ్లయింది. ఇప్పుడు అమెరికా ఇన్వెస్టరెవరో అక్కడి డెలావేర్ రాష్ట్రంలో కంపెనీ తెరిచి దీన్ని దాని కింద పెట్టమంటున్నాడంట. ఇది మోసమా?"

మోసం కాదండీ, స్టార్టప్ వాళ్లు దీన్ని ఫ్లిప్ అంటారు, చాలామంది అడిగేదే. ముందుగా ప్రాసెసింగ్ ఫీజు పంపమంటే మాత్రం అనుమానించండి.

ఇన్వెస్టర్ వైపు నుంచి చూస్తే, మన కంపెనీలో ఫారిన్ డబ్బు రావాలంటే షేరు ధరకి వాల్యుయేషన్ సర్టిఫికెట్ కావాలి, షేర్లిచ్చిన 30 రోజుల్లో ఆర్‌బీఐకి ఫారం వెయ్యాలి, ఇన్వెస్టర్ షేర్లమ్ముకుని బయటికెళ్లేటప్పుడు ఇంత గ్యారెంటీగా ఇస్తాం అని రాసుకోకూడదు. డెలావేర్‌లో అయితే కాగితాలన్నీ అతని లాయర్‌కి కంఠతా, గొడవొస్తే అక్కడి ఛాన్సరీ కోర్టులో జూరీ లేకుండా కంపెనీ కేసులు చూసీ చూసీ ఆరితేరిన జడ్జిలే తేలుస్తారు, రేపు అమెరికా కంపెనీ ఏదైనా కొనాలన్నా పైన కొంటే సరిపోద్ది. కొన్ని ఫండ్లకైతే ఇండియా కంపెనీలో నేరుగా పెట్టకూడదని వాళ్ల రూల్సే ఉంటాయి.

అసలు చిక్కు మీ వాడి వైపుంది. గుంటూరు కంపెనీ షేర్లు ఇచ్చేసి డెలావేర్ షేర్లు తీసుకోవడం కూడా మన ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో అమ్మకమే. కంపెనీ విలువ 6 కోట్లని కట్టారనుకోండి, ముగ్గురూ సమానం కాబట్టి మీ వాడి వాటా 2 కోట్లు, పెట్టిందేమో వేలల్లో. రెండేళ్లు దాటింది కాబట్టి పన్నెండున్నర శాతం, అంటే దాదాపు 25 లక్షలు, సెస్సూ సర్‌చార్జీ వేరే. చేతికి రూపాయి రాలేదు, వచ్చింది కాగితమే! అదే కంపెనీ పెట్టిన మొదటి నెలలో చేసుంటే కట్టాల్సింది దాదాపు ఏం ఉండేది కాదు, అందుకే ఈ పని మొదట్లోనే చెయ్యమంటారు, ఆలస్యమయ్యేకొద్దీ ఖరీదు.

ఇంకోటి, దీన్ని చాలామంది చూడరు. 2022 ఆగస్టులో వచ్చిన ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ రూల్స్ ప్రకారం ఇండియాలో ఉండే మనిషి తన కంట్రోల్‌లో ఉన్న ఫారిన్ కంపెనీలో పెట్టుబడి పెడితే దాని కింద సబ్సిడరీ, అంటే అది నడిపించే ఇంకో కంపెనీ ఉండకూడదు, ఇక్కడ గుంటూరు కంపెనీ అదే అవుద్ది, కంట్రోల్ అంటే 10 శాతం ఓటున్నా లెక్కలోకొస్తది. మీ వాడు గుంటూరులోనే ఉండి మూడో వంతు పట్టుకుంటే ఆ రూల్‌కి నేరుగా తగులుతాడు. స్ట్రక్చర్ బాగుంది అని ఇన్వెస్టర్ లాయర్ చెప్పాడంటే అది అతని క్లయింటుకి బాగుందని. మీ ఆడిటర్ మంచోడే అయినా ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం పనులు చేసిన సీఏ దగ్గరికి విడిగా వెళ్లండి.

పైగా వెనక్కి రావడం ఇంకా ఖరీదు, ఫోన్‌పే 2022లో సింగపూర్ నుంచి ఇక్కడికి మారినప్పుడు వాళ్ల ఇన్వెస్టర్లు దాదాపు 8,000 కోట్లు ట్యాక్స్ కట్టారు.

కాబట్టి మీ వాణ్ణి ముందు ఇన్వెస్టర్‌ని అడగమనండి, ఇండియా కంపెనీలోనే కన్వర్టిబుల్ ప్రిఫరెన్స్ షేర్లు, అంటే తర్వాత మామూలు షేర్లుగా మారేవి, తీసుకుంటారా అని. ఫారిన్ ఫండ్లు ఇలా పెట్టడం మామూలే. కుదరదంటే రెండో ప్రశ్న, ఆ 25 లక్షలు ఎవరు కడతారు, ఇది టర్మ్ షీట్‌లో, అంటే డీల్ షరతులు రాసుకునే కాగితంలో రాస్తారా అని.