కంపెనీ రిజిస్టర్ కాకముందే రాయాల్సిన ఉత్తరం: ఎవరి వాటా ఎంత, అది ఎప్పటికి సొంతమవుతుంది?

ప్రశ్న: ముగ్గురు స్నేహితులం కలిసి సాఫ్ట్‌వేర్ కంపెనీ పెడుతున్నాం. ఇంకా రిజిస్టర్ చేయలేదు. ఆలోచన నాది. 8 నెలలుగా ఉద్యోగం మానేసి దీని మీదే ఉన్నాను, సొంత డబ్బు కూడా పెట్టాను. టెక్నాలజీ చూసే స్నేహితుడు వచ్చే నెల నుంచి పూర్తిగా వచ్చేస్తాడు. అమ్మకాలు చూసే స్నేహితురాలు ఇంకో 6 నెలలు ఉద్యోగం చేసుకుంటూనే సాయంత్రాలు పనిచేస్తానంటోంది. 'ముగ్గురికీ సమానంగా పెట్టేద్దాం' అంటున్నారు ఇద్దరూ. నాకది సబబుగా లేదు, కానీ చెబితే స్నేహం చెడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. వాళ్లకు ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. వాటాలు, వెస్టింగ్ ఎలా ప్రతిపాదించమంటారు?

జవాబు: ఉత్తరంలో శాతాలు ముందు రాయకండి. ముందు వెస్టింగ్ గురించి, అంటే షేర్లు కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా ఎలా సొంతమవుతాయో రాయండి, ఎవరికెంత అన్నది ఆ తర్వాత. శాతాలతో మొదలుపెడితే మాట 'నేనెక్కువ చేశానా, నువ్వెక్కువ చేశావా' అన్న దారి పడుతుంది. వెస్టింగ్‌తో మొదలుపెడితే 'మనలో ఎవరైనా మధ్యలో వెళ్లిపోతే ఏం చేద్దాం' అన్న ప్రశ్న ముందుకొస్తుంది. వెళ్లేదెవరో ఈ రోజు మీ ముగ్గురిలో ఎవరికీ తెలియదు కాబట్టి ముగ్గురూ న్యాయంగానే ఆలోచిస్తారు.

వెస్టింగ్ లేకపోతే ఏమవుతుందో దగ్గరగా చూశాను. ఒకసారి ఇద్దరు వ్యవస్థాపకులు పెట్టుబడిదారుతో మాట్లాడుతుంటే పక్కనే ఉన్నాను. ఆయన షేర్‌హోల్డర్ల జాబితా చదువుతూ మూడో పేరు మీద వేలు పెట్టి, "30 శాతం ఉన్న ఈయన ఏం చేస్తారు?" అని అడిగారు. ఆ మూడో మనిషి అయిదో నెలలోనే వెళ్లిపోయాడు, షేర్లు మాత్రం అతని పేరు మీదే ఉండిపోయాయి. ఆ రోజు చర్చ అక్కడే ఆగింది. వెళ్లిన మనిషిని తప్పుపట్టడానికి కూడా లేదు, ఎందుకంటే షేర్లు తిరిగివ్వాలని ఏ కాగితంలోనూ లేదు.

ఇక శాతాల సంగతి. మీ 8 నెలల శ్రమకు ప్రతిఫలాన్ని శాతంలో అడగకండి, కాలంలో అడగండి. వాటా అనేది ఎక్కువగా ముందు చేయబోయే పనికి ఇచ్చేది. ఇప్పటిదాకా గడిచింది 8 నెలలు, ముందున్నవి 48. గడిచినదాన్ని చూపించి 60 శాతం అడిగితే, మిగతా ఇద్దరికీ రెండేళ్ల తర్వాత కూడా తాము కూలికి పనిచేస్తున్నట్టే ఉంటుంది. అందుకని వాటాలో కొంచెమే ఎక్కువ తీసుకుని, ఆ 8 నెలలనూ మీ వెస్టింగ్‌లో జమ చేయమనండి. మీరు పెట్టిన డబ్బును వాటాల్లో కలపనే వద్దు. దాన్ని కంపెనీకి మీరిచ్చిన అప్పుగా విడిగా రాసుకోండి. డబ్బునూ శ్రమనూ ఒకే శాతంలో కలిపేస్తే, తర్వాత ఏది దేనికిచ్చారో విడదీయడం ఎవరి వల్లా కాదు.

మీరు చెప్పిన దాన్ని బట్టి నేను 40-35-25 అంటాను. మీకు 40, అతనికి 35, ఆమెకు 25. ఆమె కూడా మొదటి రోజు నుంచే పూర్తిగా వస్తానంటే 30 దాకా వెళ్లమనేవాణ్ని. ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. ఆమె ఆలస్యంగా వస్తున్నందుకు శాతం తగ్గించారు కదా, మళ్లీ ఆ 6 నెలలను వెస్టింగ్‌లో సగమే లెక్కపెడితే ఒకే కారణానికి రెండుసార్లు కోత పెట్టినట్టు. కాబట్టి ఆమె నెలలు కూడా మొదటి రోజు నుంచే పూర్తిగా లెక్కకు రావాలి. బదులుగా ఒక గడువు పెట్టండి.

ఉత్తరం ఇలా ఉండొచ్చు, మాటలు మీ పద్ధతిలోకి మార్చుకోండి:

"రిజిస్ట్రేషన్ కాగితాల మీద సంతకాలు పెట్టేలోపు ఈ సంగతి తేల్చుకుందాం. నాతో సహా ముగ్గురి షేర్లకూ ఒకే నియమం ఉండాలని నా ప్రతిపాదన. షేర్లు మొదటి రోజే మన పేర్ల మీదికి వస్తాయి, కానీ 48 నెలల్లో, నెలకు కొన్ని చొప్పున పూర్తిగా మన సొంతమవుతాయి. మొదటి 12 నెలల లోపు ఎవరు మానేసినా ఏమీ మిగలదు. 12వ నెల పూర్తయిన రోజు ఆ 12 నెలలవీ ఒకేసారి సొంతమవుతాయి. మధ్యలో వెళ్లినవాళ్ల దగ్గర ఇంకా సొంతం కాని షేర్లుంటే, కొన్న ధరకే కంపెనీ వాటిని తిరిగి తీసుకుంటుంది.

మొత్తం 9,60,000 షేర్లు అనుకుందాం. నాకు 3,84,000, అంటే నెలకు 8,000. టెక్నాలజీ చూసే నీకు 3,36,000, నెలకు 7,000. అమ్మకాలు చూసే నీకు 2,40,000, నెలకు 5,000. నేను ఇప్పటికే పనిచేసిన 8 నెలలు నా లెక్కలో జమ అవుతాయి, కానీ మొదటి ఏడాది షరతు నాకూ మీలాగే రిజిస్ట్రేషన్ రోజు నుంచే వర్తిస్తుంది. అమ్మకాలు చూసే నువ్వు 9వ నెల చివరికి ఉద్యోగం మాని పూర్తిగా రాలేకపోతే, నియమం ప్రకారం నీకేమీ రాకూడదు. కానీ అన్ని సాయంత్రాలు పనిచేశాక చేతిలో ఏమీ లేకపోవడం న్యాయం కాదు. అందుకని ఆ 9 నెలల్లో సగం, 22,500 షేర్లు నీకే ఉంటాయి, మిగతావి తిరిగొస్తాయి. ఇది నా మొదటి ఆలోచన మాత్రమే. ఏ అంకె నచ్చకపోయినా చెప్పండి, ఎందుకు నచ్చలేదో కూడా చెప్పండి."

మొదటి ఏడాది షరతునే క్లిఫ్ అంటారు. దానికి మీరు కూడా కట్టుబడడమే ఈ ఉత్తరానికి బలం. 12 నెలలు దాటిన రోజున మీకు 20 నెలల లెక్కన 1,60,000 షేర్లు సొంతమవుతాయి, 40వ నెలకు మీ వెస్టింగ్ పూర్తవుతుంది. మీ పాత శ్రమ ఎక్కడికీ పోదు.

ఇప్పుడు టెక్నాలజీ చూసే మీ స్నేహితుడు 18వ నెలలో వెళ్లిపోయాడనుకోండి. చాలామంది పొరబడేది ఈ లెక్క దగ్గరే. అతనికి సొంతమైనవి 1,26,000, కంపెనీకి తిరిగొచ్చేవి 2,10,000. మొత్తం 9,60,000లో 1,26,000 అంటే 13 శాతం పైచిలుకు కాబట్టి అతనికి అంతే ఉంటుందనుకుంటారు. కానీ తిరిగొచ్చిన షేర్లను రద్దు చేస్తే కంపెనీలో మిగిలేవి 7,50,000 మాత్రమే. అందులో అతని వాటా 16.8 శాతం. మీ వాటా 40 నుంచి 51.2కి, ఆమెది 25 నుంచి 32కి పెరుగుతాయి. అంటే అతను వెళ్లిన మర్నాడు, ఎవరూ ఏమీ అడగకుండానే, సగానికి పైగా ఓట్లు మీ ఒక్కరి చేతికొస్తాయి. ఆమె దీనికి ఒప్పుకుని సంతకం పెట్టిందా? అతని స్థానంలో కొత్త మనిషిని తేవాలంటే వాటా ఎక్కడి నుంచి ఇస్తారు?

అందుకే తిరిగొచ్చిన షేర్లు ఎక్కడికి వెళ్తాయో ఉత్తరంలో ఒక్క వాక్యమైనా ఉండాలి. వాటిని రద్దు చేయకుండా, వెళ్లిన మనిషి స్థానంలో వచ్చేవాళ్ల కోసం పక్కన పెట్టమంటాను. రద్దు చేయాలంటే మిగిలిన వ్యవస్థాపకులందరూ ఒప్పుకోవాలని రాసుకోండి.

వెళ్లిపోవడం ఒకటి, వెళ్లగొట్టడం ఇంకొకటి. ముగ్గురున్న చోట ఇద్దరు ఒకటైతే 11వ నెలలో మూడో మనిషిని పంపించేసి క్లిఫ్ పేరుతో షేర్లన్నీ వెనక్కి లాక్కోవచ్చు. మీ స్నేహితురాలి మనసులో ఇదే భయం ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే మీరిద్దరూ కలిస్తే 75 శాతం. ఆమె అడగకముందే మీరే రాయండి: మోసం, రహస్యాలు బయటపెట్టడం లాంటి తప్పేమీ లేకుండా ఎవరినైనా తొలగిస్తే క్లిఫ్ వర్తించదు, పనిచేసిన నెలలన్నిటికీ షేర్లు దక్కుతాయి. తప్పు అంటే ఏమేమిటో కూడా అక్కడే రాయండి. 'పనితీరు బాగా లేదు' అన్నది ఆ జాబితాలో చేర్చకండి, ఆ మాటకు ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోవచ్చు.

కంపెనీని ఎవరైనా కొంటే ఏమిటన్నది దూరపు మాట, క్లుప్తంగా రాస్తే చాలు. అమ్మకం జరిగి, ఆ తర్వాత ఏడాది లోపు కొత్త యజమాని మీలో ఎవరినైనా తప్పు లేకుండా తొలగిస్తే, వాళ్ల మిగిలిన షేర్లన్నీ ఒకేసారి సొంతమవుతాయని రాసుకోండి. అమ్మగానే అన్నీ వచ్చేస్తాయని రాస్తే, ఆ మర్నాటి నుంచి ఎవరూ పనికి రాకపోవచ్చని కొనేవాళ్లు జంకుతారు.

ఉత్తరం ఒప్పందం కాదని కూడా గుర్తుంచుకోండి. ముగ్గురూ సరేనన్నాక దాన్ని లాయర్ చేత షేర్ల ఒప్పందంగా రాయించి, షేర్లు జారీ అయ్యే రోజునే సంతకాలు పెట్టాలి. షేర్లు ముందిచ్చేసి, వెస్టింగ్ సంగతి తర్వాత చూద్దామంటే, అప్పటికే చేతిలో ఉన్నదాన్ని వదులుకోమని ఒక్కొక్కరినీ బతిమాలాల్సి వస్తుంది. అదే రోజు మీరు 8 నెలల్లో రాసిన కోడ్, డిజైన్లు, డొమైన్ పేరు అన్నీ కంపెనీ పేరు మీదికి మార్చండి, చట్టం దృష్టిలో అవి ఇప్పుడు మీ సొంత ఆస్తి. వెస్టింగ్ ఉన్న షేర్లకు పన్ను ఎప్పుడు పడుతుందో అకౌంటెంట్‌ను ముందే అడగండి. కొన్ని చోట్ల పన్ను శాఖకు తెలపాల్సిన గడువు చాలా తక్కువ, ఉదాహరణకు అమెరికాలో 30 రోజులే, దాటితే సరిదిద్దుకునే వీలుండదు.

మీ స్నేహితురాలి ఉద్యోగ ఒప్పందాన్ని కూడా చదివించండి. ఉద్యోగంలో ఉండగా తయారుచేసినది ఏదైనా, సాయంత్రం చేసినది సహా, యాజమాన్యానికే చెందుతుందని కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. అలా ఉంటే, ఆమె అక్కడ మానేసేదాకా మీ పని ముట్టుకోకపోవడమే మంచిది. అప్పుడు ఉత్తరంలో ఆమె నెలల లెక్క కూడా చేరిన రోజు నుంచి మొదలవ్వాలి, అలాగే వాటా 25 దగ్గర ఆగనక్కర్లేదు, 30 చేయొచ్చు.

ఉత్తరాన్ని ముగ్గురూ కూర్చున్నప్పుడు చేతికివ్వకండి. వారం ముందే పంపి, ఇంట్లో వాళ్లతోనో తమ లాయర్‌తోనో మాట్లాడుకుని రమ్మనండి. కలిసిన రోజు ముందుగా వాళ్లిద్దరినీ మాట్లాడనివ్వండి.