10 శాతం అప్పు, 11 శాతం రాబడి: అబ్బాయి ఎక్కడ పొరబడ్డాడు?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం పూర్తిచేశాడు. ఇంటర్వ్యూలో, 10 శాతానికి అప్పు దొరికే కంపెనీ 11 శాతం రాబడి వచ్చే ప్రాజెక్టు చేపట్టవచ్చా అని అడిగితే, చేపట్టవచ్చన్నాడట. తప్పన్నారు. నా లెక్కలో వాడు చెప్పిందే సరి. ఫైనాన్షియల్ మోడలింగ్ కోర్సులో చేర్పించాలా, సీఎంఏ చదివించాలా?
- మిర్చి వ్యాపారి, గుంటూరు

జవాబు: అయ్యా, అబ్బాయి తప్పు చిన్నది, కానీ అది మీ దగ్గర నేర్చుకున్నదేమోనని నా అనుమానం. బయటివారికి డబ్బిస్తే నూటికి రూపాయిన్నర వడ్డీ లెక్క కట్టే మీరు, కొట్లో పెట్టిన సొంత సొమ్ముకు మాత్రం ఖర్చే లేదనుకుంటున్నారు.

10 కోట్లతో నడిచే ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీని ఊహించండి. అందులో 4 కోట్లు 10 శాతం వడ్డీకి తెచ్చిన అప్పు, 6 కోట్లు వాటాదారులది. వడ్డీ ఖర్చు పన్నును తగ్గిస్తుంది కాబట్టి, 25 శాతం పన్ను కట్టే కంపెనీకి ఆ అప్పు 7.5 శాతమే పడుతుంది. వాటాదారులు అంతే నష్టభయమున్న మరోచోట 16 శాతం సంపాదించగలరు కనుక, వారి సొమ్ము ఖరీదు అదే. 0.4 × 7.5 + 0.6 × 16 = 12.6 శాతం. అప్పు, వాటాల పాళ్లను బట్టి కట్టిన ఈ సగటు ఖరీదునే డబ్ల్యూఏసీసీ అంటారు. ప్రాజెక్టు రాబడి దాటవలసిన గీత, అంటే హర్డిల్ రేటు, ఇదే.

ఇప్పుడు కోటి రూపాయలతో కట్టే కొత్త చాంబర్ పన్ను పోను, వడ్డీకి ముందు, ఏటా 11 లక్షలు ఇస్తుందనుకుందాం. అదే పాళ్లలో తెచ్చిన 40 లక్షల అప్పుకు 3 లక్షలు పోతే, వాటాదారుల 60 లక్షల మీద మిగిలేది 8 లక్షలు, అంటే సుమారు 13.3 శాతం. వారికి 16 రావాలి. మొత్తం అప్పుతోనే కడదామంటారా? కింద సొంత సొమ్ము ఉందన్న ధైర్యంతోనే బ్యాంకు 10 శాతానికి ఇస్తోంది. ఆ దన్ను పలచబడితే వడ్డీ పెరుగుతుంది, వాటాదారులూ ఎక్కువే కోరతారు.

మోడలింగ్ కోర్సుల మీద నాకున్న సందేహమూ ఇక్కడిదే. 12.6 రాబట్టడం ఎక్సెల్‌లో నిమిషం పని. ఇదే కంపెనీ ధరల ఒడుదొడుకులు ఎక్కువగా ఉండే కారం ఎగుమతిలోకి దిగి, 14 శాతం వస్తుందంటే ఒప్పుకోవాలా? 12.6 శాతం అనేది అద్దెల మీద నడిచే గిడ్డంగికి తగిన గీత. ఎగుమతికి, ఆ రంగపు నష్టభయాన్ని బట్టి, వేరే గీత గీయాలి. అన్నింటికీ ఒకే రేటు వాడే కంపెనీ నిలకడైన ప్రాజెక్టులను వదులుకుని, ప్రమాదకరమైన వాటిని నెత్తికెత్తుకుంటుంది. పైగా అప్పు, వాటాల పాళ్లను ఖాతా పుస్తకాల్లోని పాత విలువలతో కాక, నేటి మార్కెట్ విలువలతో తీసుకోవాలి.

ఒక్క జవాబు తప్పినంత మాత్రాన అబ్బాయి ఫైనాన్స్‌కు పనికిరాడని కాదు. అప్పు ఖరీదును రాబడితో పోల్చాలని అతనికి తోచింది. సగం దారి వచ్చాడు. బీకాం అయింది కాబట్టి సీఎంఏ ఇంటర్మీడియట్‌లో నేరుగా చేరవచ్చు, నా మొగ్గు అటే. మోడలింగ్ మీదే మనసుంటే, ఫీజు కట్టేముందు డెమో క్లాసులో ఆ కారం ఎగుమతికి ఏ రేటు వాడాలో అడగమనండి. కంపెనీ డబ్ల్యూఏసీసీ గడిలో ఉన్నదే చాలన్నారంటే, చేర్పించకండి.