టెక్ సందేహాలు: మీటింగ్ వేళల వంతులు అందరికీ సమంగా పడాలంటే

ప్రశ్న: మా టీమ్‌లో హనుమకొండలో నలుగురం, లండన్‌లో ఇద్దరు, సియాటెల్‌లో ముగ్గురు ఉన్నాం. ప్రతి బుధవారం గంట సేపు మీటింగ్. మాకు అది ఎండాకాలంలో రాత్రి 9.30కు, నవంబరు నుంచి 10.30కు వస్తుంది. వేళలు వంతులవారీగా మార్చుకుందామంటే అందరూ ఒప్పుకున్నారు. ఎవరికీ అన్యాయం జరగకుండా గూగుల్ క్యాలెండర్‌లో ఎలా పెట్టుకోవాలి?
— ఒక పాఠకురాలు, సుబేదారి, హనుమకొండ

జవాబు: క్యాలెండర్ తెరిచే ముందు ఒక లెక్క వేసుకోవాలి, ఎందుకంటే వేళలు వంతులవారీగా మారినంత మాత్రాన భారం సమంగా పంచుకున్నట్టు కాదు. ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు మీటింగ్ పడితే సున్నా, ఉదయం 7–8 మధ్య గానీ సాయంత్రం 6–9 మధ్య గానీ పడితే 1, ఉదయం 6–7 మధ్య గానీ రాత్రి 9–11 మధ్య గానీ పడితే 2 మార్కులు వేయండి. రాత్రి 11 నుంచి ఉదయం 6 వరకు ఎవరికీ మీటింగ్ పెట్టకూడదని ముందే రాసుకోండి. ఈ మార్కులు నేను ఉదాహరణకు చెప్పినవి మాత్రమే. పసిపిల్లలున్నవారికి ఉదయం 7 గంటలే అన్నిటికన్నా కష్టమైన వేళ కావచ్చు కాబట్టి ఎవరి మార్కులు వారే చెప్పాలి.

ఇలాంటి టీమ్‌లకు సాధారణంగా మొదట తట్టే ఏర్పాటు ఒక వారం మన రాత్రి, ఒక వారం సియాటెల్ తెల్లవారుజాము. దాన్ని ఎండాకాలపు గడియారంతో చూద్దాం. మన రాత్రి 9.30 అంటే లండన్‌లో సాయంత్రం 5, సియాటెల్‌లో ఉదయం 9. మనకు 2 మార్కులు, మిగతా ఇద్దరికీ సున్నా. మరుసటి వారం సియాటెల్ ఉదయం 6కు కూర్చుంటే లండన్‌లో మధ్యాహ్నం 2, హనుమకొండలో సాయంత్రం 6.30 అవుతుంది. వారికి 2 పడ్డాయి నిజమే, కానీ ఆ వారం కూడా మీకు 1 పడింది. మడికొండ ఐటీ పార్కులో పనిచేసేవారైతే మీటింగ్ 7.30కు ముగిసి సుబేదారి చేరేసరికి రాత్రి భోజనాల వేళ అవుతుంది. రెండు వారాలు కలిపితే హనుమకొండకు 3, సియాటెల్‌కు 2, లండన్‌కు సున్నా. పైకి చెరొక వంతు తీసుకున్నట్టే కనిపిస్తుంది గానీ మీకు ఒక్క వారమూ తేలిక పడదు, లండన్‌కు ఒక్క వారమూ బరువు పడదు.

రెండో వారానికి వేరే వేళ తీసుకుని చూడండి. సియాటెల్‌లో మంగళవారం రాత్రి 10 అంటే లండన్‌లో బుధవారం ఉదయం 6, హనుమకొండలో బుధవారం ఉదయం 10.30. సియాటెల్‌కు 2, లండన్‌కు 2, మీకు సున్నా. మీ రాత్రి వారంతో కలిపితే రెండు వారాలకు ముగ్గురికీ తలా 2 పడతాయి. మొత్తం భారం 5 నుంచి 6కు పెరుగుతుందన్నది దాచకూడదు; లండన్ మిత్రులకు ఇది కొత్త కష్టం కాబట్టి ఈ అంకెలు చూపించి, వారు సరేనన్న తరువాతే మొదలుపెట్టండి. నన్నడిగితే, ఆ ఒక్క మార్కు పెరిగినా భారం సమంగా పడడమే మేలు.

ఇప్పుడు క్యాలెండర్. కంప్యూటర్‌లో రెండు వేర్వేరు ఈవెంట్లు సృష్టించి, ఒక్కొక్కటీ రెండు వారాలకోసారి వచ్చేలా, ఒకటి వచ్చిన వారం రెండోది రాకుండా పెట్టాలి. ఈవెంట్ పూర్తి పేజీలో `Does not repeat` అన్నచోట నొక్కి, `Custom` ఎంచుకుని, `Repeat every 2 weeks` అని పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యమైనది తేదీల పక్కనే ఉండే `Time zone`. మీరు ఇక్కడ ఏ ఊరి సమయం ఎంచుకుంటే ఈవెంట్ ఏడాది పొడుగునా ఆ ఊరి గడియారానికే కట్టుబడి ఉంటుంది, మిగతా ఊళ్లకు వేళ జరుగుతుంది. మన దేశంలో గడియారం మార్చే పద్ధతి లేదు, అమెరికా, బ్రిటన్‌లలో ఉంది. మీ మీటింగ్ నవంబరు నుంచి 10.30కు జరగడానికి కారణం అది సియాటెల్ ఉదయం 9కి కట్టి ఉండడమే.

అందువల్ల ఏ వారం ఎవరికి బరువో, ఆ వారం ఈవెంట్‌ను వారి గడియారానికే కట్టాలి. మీ రాత్రి వారాన్ని `India Standard Time`లో బుధవారం రాత్రి 9.30కు పెడితే చలికాలంలోనూ అది 9.30కే ఉంటుంది, సియాటెల్‌లో ఉదయం 8, లండన్‌లో సాయంత్రం 4 అవుతుంది, ఎవరికీ మార్కు పెరగదు. రెండో ఈవెంట్‌ను `Pacific Time - Los Angeles`లో పెట్టండి, అయితే వారం బుధవారం కాదు, మంగళవారం అని గుర్తుంచుకోండి. అది చలికాలంలో మీకు 11.30కు జరుగుతుంది, లండన్‌లో మాత్రం ఉదయం 6గానే నిలుస్తుంది, ఎందుకంటే ఆ రెండు ఊళ్లూ గడియారం మారుస్తాయి. అదే ఈవెంట్‌ను పొరపాటున మన ఉదయం 10.30కు కట్టారంటే, చలికాలంలో లండన్ వారిని తెల్లవారుజామున 5కు లేపినవారవుతారు.

ఒక చిక్కు మిగిలి ఉంది. ఆ రెండు దేశాలూ ఒకే రోజున గడియారం మార్చవు. 2026లో బ్రిటన్ అక్టోబరు 25న వెనక్కి జరిపితే, అమెరికా నవంబరు 1న జరుపుతుంది. 2027లో అమెరికా మార్చి 14న ముందుకు జరిపితే, బ్రిటన్ మార్చి 28న జరుపుతుంది. ఈ మధ్య రోజుల్లో సియాటెల్ రాత్రి 10 అంటే లండన్‌లో ఉదయం 5, అంటే మీరు వద్దని రాసుకున్న వేళ. ఆ బుధవారాలు మూడే: అక్టోబరు 28, మార్చి 17, మార్చి 24. వాటిలో సియాటెల్ రాత్రి వంతు ఏ రోజున పడితే ఆ రోజు దాన్ని తీసేసి మీ రాత్రి 9.30 వేళనే పెట్టుకోండి, అది లండన్‌లో సాయంత్రం 4, సియాటెల్‌లో ఉదయం 9 అవుతుంది. అలా మీరు అదనంగా మోసిన 2 మార్కులను ఒక షీట్‌లో మీ పేరున జమ వేసుకుని, బతుకమ్మ రోజుల్లో మీ రాత్రి వంతు వస్తే దానికి బదులుగా వాడుకోండి. వారి క్రిస్మస్ సెలవులకూ ఇదే లెక్క వర్తించాలి.

ఇలా ఒక్క రోజు మార్చేటప్పుడు క్యాలెండర్ అడిగే ప్రశ్నకు `This event` అనే జవాబివ్వండి. `This and following events` నొక్కితే ఆ రోజు నుంచి వంతులన్నీ జరిగిపోయి, వరసగా రెండు వారాలు ఒకే ఊరిమీద పడవచ్చు.

మూడు నెలలకోసారి, ముందు వేసుకున్న ప్రణాళిక చూసి కాక, జరిగిన మీటింగులు చూసి మార్కులు కూడండి. రద్దయిన మీటింగులు ఎక్కువగా ఎవరి బరువు వారంలో ఉన్నాయో అక్కడే తేడా బయటపడుతుంది. హనుమకొండ ఖాతాలో 12 ఉండి సియాటెల్ ఖాతాలో 4 ఉంటే, మీ తరువాతి రెండు రాత్రి వంతులూ సియాటెల్ రాత్రికి మారాలి. అయితే వాటితో లండన్‌కూ మార్కులు పడతాయి కాబట్టి, ఆ రెండింటిలో ఒకదానికైనా లండన్ వారు రికార్డింగ్ చూసుకునే వెసులుబాటు ఇవ్వండి.