రాయగడలో 24 గంటల క్లినిక్: షిఫ్టులు ఎలా వేయాలి?

రోజుకు ఐదుగురు నర్సులు, మూడు షిఫ్టులు. సంత రోజున మధ్యాహ్నం రెండింటికి అందరూ ఒకేసారి మారడంతో గందరగోళం. ఏం చేయాలి?

డ్యూటీ ఎనిమిది గంటలే ఉంచి, మొదలయ్యే వేళలు మార్చండి: ఉదయం 5:30, 9, 11, మధ్యాహ్నం 3, రాత్రి 10. కొండ ఊళ్ల బస్సులు దిగి జనం వచ్చే 11 నుంచి 1:30 దాకా ముగ్గురుంటారు. ఉదయం 9 నుంచి రాత్రి 7 వరకు ఇద్దరికి తగ్గరు. రాత్రి డ్యూటీ మారేటప్పుడు గంట, తెల్లవారుజామున అరగంట ఇద్దరూ కలిసే ఉంటారు.

రాత్రి 7 నుంచి 10 దాకా, 11 నుంచి తెల్లవారుజామున 5:30 దాకా, ఉదయం 6 నుంచి 9 దాకా మాత్రం ఒక్కరే. రాత్రి 7 నుంచి 10 మధ్యే టెన్షన్. సాయంత్రం రద్దీ ఎక్కువైతే 11 డ్యూటీని 1కి జరపండి.

ఎవరి పేషెంట్లు ఎవరికి అప్పజెప్పారో రిజిస్టర్‌లో రాయాలి. లేదంటే ఒకే ఇంజెక్షన్ రెండుసార్లు పడొచ్చు. వారానికో సెలవంటే ఆరుగురు కావాలి. రాత్రి 11 గంటలకు డ్యూటీ దిగే నర్సుకు బండి చూడండి.