స్తోత్రానికి ముక్కలు, ముక్కకో బొమ్మ

చెన్నైలో ఉంటున్నాం. నాలుగేళ్ల పాపకు పెద్ద స్తోత్రాన్ని చిన్న ముక్కలుగా, రాగంతో, బొమ్మలతో నేర్పితే తర్వాత ఏకధాటిగా చెప్పగలదా?

చెప్పగలదు, కాని ముక్కను పాదం చివరే విరవాలి, అతుకులను విడిగా సాధన చేయించాలి. ఆ వయసు పిల్లలు ఒకసారి విని తిరిగి చెప్పగలిగేది కొద్ది మాటలే; రాగం ఆ మాటల వరుసను నిలుపుతుంది, బొమ్మ తర్వాతి ముక్క ఏదో గుర్తు చేస్తుంది.

విష్ణు సహస్రనామ పారాయణకు ముందు చదివే "శుక్లాంబరధరం విష్ణుం" శ్లోకాన్నే తీసుకుంటే, అందులో ఎనిమిదేసి అక్షరాల పాదాలు నాలుగున్నాయి. మొదటిదానికి తెల్లబట్ట, "శశివర్ణం చతుర్భుజం" అన్నదానికి చందమామ పక్కన నాలుగు చేతులు, మూడోదానికి నవ్వుముఖం, నాలుగోదానికి తొలగిపోతున్న బండరాయి గీయవచ్చు. ఒకటి, మూడు పాదాలకు ఒకే వరుస, రెండు, నాలుగింటికి మరొకటి చాలు. ప్రతి ముక్కకూ కొత్త రాగం కడితే గందరగోళమే. "శుక్లాం బరధరం" అని మాట మధ్యలో విరిస్తే, అంబరం అంటే బట్ట అన్న సంగతి పోయి, బొమ్మకూ మాటకూ పొత్తు కుదరదు. తమిళ లిపిలో రాసివ్వడం కూడా మంచిది కాదు, ప, బ, భలకు అక్కడ ఒకే అక్షరం. ఈ వయసులో చెవే నయం.

ముక్కలన్నీ వస్తే శ్లోకం వచ్చినట్టేనని చాలామంది పొరబడతారు. పాప "విష్ణుం" దగ్గర ఆగి మీ ముఖం చూస్తే, రానిది ముక్క కాదు, అతుకు. అప్పుడు "విష్ణుం శశివర్ణం" అని ఆ రెండు మాటలనే కలిపి, ఊపిరి తీసుకోకుండా నాలుగైదుసార్లు చెప్పించి, ఆ తర్వాతే బొమ్మలను ఒక్కొక్కటిగా తీసేయాలి.